వార్షిక నివేదిక: ప్రాంగణ నియామకాల్లో అదృష్టం వాటా

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పడ్డ శ్రమలో సగానికి పైగా ప్రాంగణ నియామకాల కార్యక్రమానికే పోయింది. అందుకే ఈ నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇచ్చాను. జమాఖర్చుల పట్టిక, మిగతా కార్యక్రమాల వివరాలు విడిగా జతచేశాం. లెక్కలు సరిపోయాయి, అంతకుమించి అక్కడ చెప్పుకోవలసింది లేదు.

నిరుటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "మా అబ్బాయికి ఉదయం షిఫ్టు పడి ఉంటే గట్టెక్కేవాడు" అన్నప్పుడు చాలామంది నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి ఆప్టిట్యూడ్ పరీక్ష పాత మార్కుల జాబితాలు ముందేసుకుని కూర్చున్నాక నవ్వు పోయింది. ఉదయం రాసినవారి సగటు మధ్యాహ్నం వారి సగటు కన్నా 6 మార్కులు ఎక్కువ. ప్రశ్నపత్రాలు రెండు, కటాఫ్ ఒకటే. పైగా కాలేజీల వారీగా షిఫ్టులు కేటాయించాం కాబట్టి ఆ తేడా ప్రశ్నపత్రం వల్ల వచ్చిందా, రాసిన విద్యార్థుల వల్ల వచ్చిందా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మనలో ఎవరూ పక్షపాతం చూపలేదు. ఏర్పాటే పక్షపాతం చూపింది. ఈ ఏడాది నియామకాల కమిటీ ఆ ఏర్పాటును సరిచేయడానికే కూర్చుంది.

ముందుగా పనిని చివరి నుంచి వెనక్కి లెక్కగట్టాం. ఉద్యోగాలిచ్చే సంస్థకు కావలసినవారు 24 మంది. నాలుగు ఇంటర్వ్యూ బోర్డులు ఒక్కొక్కరికి అరగంట ఇస్తే రోజుకు 56 మందిని చూడగలవు. దానికి ముందు రోజు బృంద చర్చ. నాలుగు గదులు, గదికి ఐదు విడతలు, విడతకు 8 మంది, అంటే 160 మంది. కాబట్టి ఆప్టిట్యూడ్ పరీక్ష నుంచి 160 మందికి అటూఇటూగా పైకి రావాలి. ఈ లెక్క ముందే వేసుకోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. మూడేళ్ల కిందట 300 మందిని చర్చకు పిలిచి, సాయంత్రానికి ఒక్కో బృందానికి ఆరు నిమిషాలు కూడా ఇవ్వలేకపోయాం.

పరీక్షకు 612 మంది పేర్లు నమోదు చేసుకున్నారు, 566 మంది వచ్చారు. కంప్యూటర్లు చాలవు కనుక ఈసారీ రెండు షిఫ్టులు తప్పలేదు. అయితే ఎవరికి ఏ షిఫ్టో లాటరీతో నిర్ణయించాం. కాలేజీ, బ్రాంచి, పేరులో మొదటి అక్షరం ఏదీ చూడలేదు. ఒకే కాలేజీ స్నేహితులు విడిపోయారని, బస్సు ఏర్పాట్లు కష్టమయ్యాయని కొందరు విసుక్కున్నారు. వారి విసుగు న్యాయమైనదే. కానీ లాటరీ వేస్తేనే రెండు షిఫ్టుల్లోనూ చురుకైనవారు, సామాన్యులు దాదాపు సమానంగా ఉంటారని అనుకోవచ్చు. అప్పుడు సగటులో కనిపించే తేడాను ప్రశ్నపత్రం మీదకు నెట్టవచ్చు.

తేడా వచ్చింది కూడా. ఉదయం 284 మంది, మధ్యాహ్నం 282 మంది రాస్తే, 50 మార్కులకు ఉదయం సగటు 31, మధ్యాహ్నం 26. రెండు పత్రాలూ ఒకే స్థాయిలో ఉన్నాయని తయారుచేసినవారు ప్రమాణం చేసి మరీ చెప్పారు. చూసి చెప్పే స్థాయికీ, రాసినప్పుడు తేలే స్థాయికీ ఇంత దూరం ఉంటుంది. కాబట్టి మార్కులను పక్కన పెట్టి, తన షిఫ్టులో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారన్నదే చూశాం. పోటీ పరీక్షల్లో పర్సంటైల్ అనేది దీన్నే. ప్రతి షిఫ్టులోనూ మొదటి 80 మంది. ఉదయం 80వ స్థానంలో 38 మార్కులు, మధ్యాహ్నం 33 మార్కులు ఉన్నాయి. ఆ గీత మీద ఉన్నవారిని పుట్టినతేదీతోనో అక్షరక్రమంతోనో కోసే పాత పద్ధతి మానేసి, సమానంగా ఉన్న అందరినీ తీసుకున్నాం. అలా ఉదయం నుంచి 83, మధ్యాహ్నం నుంచి 84, మొత్తం 167 మంది అయ్యారు. ఒక గదికి అదనంగా ఒక విడత పడింది, అంతే.

రెండు షిఫ్టులకూ కలిపి 36 మార్కుల దగ్గర ఒకే గీత గీసి ఉంటే? సంఖ్య దాదాపు అంతే వచ్చేది, 161. కానీ వారిలో ఉదయం వారు 104, మధ్యాహ్నం వారు 57. అంటే మధ్యాహ్నం వారిలో 27 మంది కేవలం లాటరీ చీటీ వల్ల ఇంటిదారి పట్టేవారు. నిరుడు నవ్విన మనమందరం ఆ సభ్యురాలికి ఒక క్షమాపణ బాకీ ఉన్నాం.

తప్పు జవాబుకు మార్కుల కోత ఎందుకు తీసేశారని కొందరు అడిగారు. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నకు పావు మార్కు కోస్తే, గుడ్డిగా గురిపెట్టినవాడికి సగటున ఇంకా లాభమే. ప్రతి 16 ప్రశ్నలకు ఒక మార్కు మిగులుతుంది. ఆ లాభం ధైర్యస్తులకే చేరి, భయస్తులు ఖాళీలు వదిలేస్తారు. మనం కొలవదలచినది ధైర్యాన్ని కాదు. అందుకే కోత తీసేసి, ఏ ప్రశ్ననూ వదలవద్దని హాల్‌టికెట్ మీదే అచ్చు వేయించాం.

ఇక బృంద చర్చ. ఇక్కడే అదృష్టం వాటా అన్నిటికన్నా ఎక్కువని నా అభిప్రాయం. నిరుడు ప్రతి బృందం నుంచి ఇద్దరిని ఎంపిక చేశాం. అయిదుగురు గట్టివారు ఒకే బృందంలో పడితే ముగ్గురు నష్టపోతారు. పక్క గదిలో అంతంతమాత్రం వారు ఇద్దరు దాటిపోతారు. అంతకన్నా పెద్ద చేటు, పక్కవాడు ప్రత్యర్థి అని తెలియగానే చర్చ సంతగా మారుతుంది. ఈసారి బృందానికి ఇంతమంది అనే లెక్క లేదని, అందరూ దాటవచ్చు, ఎవరూ దాటకపోవచ్చు అని గదిలోకి రాగానే చెప్పించాం. ఒక బృందం నుంచి 6 మంది దాటారు, రెండు బృందాల నుంచి ఒక్కరూ దాటలేదు. కేకలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి.

అంశం కూడా మార్చాం. వార్తల్లోని విషయం ఇస్తే పత్రికలు చదివే ఇంటివారికి ముందే సగం మార్కులు. అందుకే ఒక పేజీ కాగితంలో ఒక గ్రంథాలయం సమస్య ఇచ్చాం. మూడు పనులు చేయాలి, డబ్బు ఒకటిన్నర పనికే ఉంది, వివరాలన్నీ కాగితంలోనే ఉన్నాయి. చదవడానికి 3 నిమిషాలు, చర్చకు 18 నిమిషాలు.

మార్కులు వేసేవారు గదికి ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది. వారం ముందు వారందరినీ కూర్చోబెట్టి, ఒక నమూనా చర్చ వీడియో చూపించి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేయమన్నాం. ఒకే విద్యార్థికి 20కి ఒకరు 9 వేస్తే మరొకరు 16 వేశారు. గదిలో కాసేపు నిశ్శబ్దం. తర్వాత రెండు గంటలు "వినడం" అంటే ఏమిటి, దానికి 5లో 3 ఎప్పుడు, 4 ఎప్పుడు అని వాదించుకుని రాసుకున్నారు. ఇతరులు చెప్పిన మాటను పట్టుకుని దాన్ని ముందుకు తీసుకెళ్తే 4. వింటున్నట్టు తల ఊపితే 2. మరో వీడియోకు వేసినప్పుడు తేడా మూడు మార్కులకు దిగింది.

అయినా ఒకరి చేయి బిగుతుగానే ఉంది. ప్రతి విడతకూ గదికొకరిని మార్చాం కాబట్టి ఆ బిగుతు ఒక్క గది పిల్లల మీదే పడలేదు. రోజు ముగిశాక చూస్తే ఏడుగురి సగటులు 12.6 నుంచి 13.9 దాకా, ఆయన సగటు 9.8. ఆయనను తప్పుపట్టనక్కరలేదు, ఎప్పుడూ అలాగే వేశారు. కనుక ప్రతి మార్కునూ వేసినవారి సొంత సగటుతో పోల్చాం. ఆయన వేసిన 12 ఆయన సగటు కన్నా 2.2 ఎక్కువ. 13.9 సగటు ఉన్నవారు వేసిన 14 పదోవంతు మాత్రమే ఎక్కువ. ఈ సవరణకు ఒక హద్దు ఉంది. విద్యార్థులను గదులకు లాటరీతో పంపి, ఒక్కొక్కరు నలభై మంది దాకా చూసినప్పుడే ఇది చెల్లుతుంది. ఎనిమిది మందిని చూసిన వ్యక్తి సగటు తక్కువగా ఉంటే ఆ బృందమే బలహీనమై ఉండవచ్చు.

ఇద్దరి మార్కుల మధ్య 4 కన్నా ఎక్కువ తేడా వస్తే బేరమాడుకోకూడదు, ఎవరు ఏమి రాసుకున్నారో చదవాలి అన్నది మరో నియమం. ఒక అమ్మాయికి ఒకరు 8, మరొకరు 15 వేశారు. 8 వేసినవారి కాగితంలో "తక్కువ మాట్లాడింది" అని మాత్రమే ఉంది. రెండోవారి కాగితంలో ఆమె 12వ నిమిషంలో అన్న మాట ఉంది. ఇద్దరు వాదించుకుంటున్న రెండు ఖర్చుల్లో ఒకటి వచ్చే ఏడాదికి వాయిదా వేయదగినదని కాగితంలోనే ఉందని ఆమె చూపించింది. చర్చ అక్కడే మలుపు తిరిగింది. ఎక్కువసేపు మాట్లాడినవారే నాయకులని అనిపించే బలహీనత మనందరికీ ఉంది. కాగితం మీద ఏమీ రాయకపోతే అది మార్కుల్లోకి చొరబడుతుంది. తేడా తేలని ఇలాంటి ఇద్దరిని అదనంగా ఇంటర్వ్యూకు పంపాం, 56 మంది 58 అయ్యారు. ఆమె చివరి జాబితాలో 31వ స్థానంలో నిలిచింది, ఉద్యోగం రాలేదు. పంపడం సరైనదేనని ఇప్పటికీ అంటాను.

కమిటీ సభ్యుల్లో ఒకరి కుమార్తె పరీక్ష రాసినందున ఆయన నోటిఫికేషన్ నాటి నుంచే తప్పుకున్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు.

ఇప్పుడు మన తప్పు. అమెరికా ప్రభుత్వ సంస్థలు 1978లో నియామకాలకు ఒక సులువైన పరీక్ష పెట్టుకున్నాయి. ఒక వర్గం ఎంపిక శాతం, ఎక్కువగా ఎంపికైన వర్గం శాతంలో అయిదింట నాలుగు వంతుల కన్నా తగ్గితే కారణం వెతకాలి. ఫలితాలు ప్రకటించాక మనం ఆ లెక్క వేశాం. పరీక్ష రాసిన 315 మంది అబ్బాయిల్లో 106 మంది, 251 మంది అమ్మాయిల్లో 61 మంది చర్చకు వచ్చారు. 34 శాతం, 24 శాతం. నిష్పత్తి 0.72, గీత కన్నా కింద. ఆ లెక్క తప్పు జరిగిందని తేల్చదు, వెతకమని మాత్రమే చెబుతుంది. ప్రశ్నల వారీగా విప్పి చూస్తే తేడాలో పెద్ద భాగం పళ్ల చక్రాలు, కప్పీలు ఎటు తిరుగుతాయో అడిగిన 6 ప్రశ్నల దగ్గరే ఉంది. ఈ ఉద్యోగాల్లో వాటితో పనేమీ లేదు. కొనుక్కున్న ప్రశ్నల నిధిలో ఉన్నాయని అలాగే వేసేశాం. పని స్వభావానికి ఒక్కో ప్రశ్ననూ సరిచూడవలసిన బాధ్యత కార్యదర్శిగా నాది.

ఆ ఆరూ తీసేసి మళ్లీ లెక్కిస్తే మరో 11 మంది చర్చకు వచ్చేవారు, వారిలో 9 మంది అమ్మాయిలు. సంస్థ 24 ఖాళీల్లో 22 మాత్రమే నింపింది. మిగిలిన రెండింటికి ఈ 11 మందితో చర్చ, ఇంటర్వ్యూ జరపమని గత నెల లేఖ రాశాం. ఆ 11 మందికీ జరిగింది ఏమిటో విడివిడిగా తెలియజేశాం. నివేదిక అచ్చుకు వెళ్లేనాటికి సంస్థ నుంచి జవాబు రాలేదు.

భవదీయుడు,
కార్యదర్శి