ఆ ‘ఏదో ఒక పూతమందు’ సంగతి

సంపాదకుడు గారికి,

వానాకాలంలో కాలి వేళ్ల సందులు నాని చెడిపోవడం గురించి గత వారం మీరు వేసిన వార్తలో, మందుల షాపులో అడిగి ఏదో ఒక పూతమందు రాసుకుంటే చాలన్నారు. జనం కొంప ముంచుతున్నది ఆ ‘ఏదో ఒకటే’.

విజయవాడలో దురద అనగానే చాలా షాపుల వాళ్లు చేతిలో పెట్టేది ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టిరాయిడ్ కలిపిన ట్యూబు. రెండు మూడు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. ఈ జబ్బుకు కారణమైన ఫంగస్ మాత్రం చావదు. దాన్ని ఎదిరించే చర్మం శక్తిని స్టిరాయిడ్ అణిచేస్తుంది కాబట్టి లోలోపల పెరుగుతుంది. ట్యూబు ఆపగానే తిరగబెడుతుంది, మళ్లీ అదే కొంటారు. చివరికి చర్మం పలచబడి, తామర గజ్జల దాకా పాకుతుంది. ఇలాంటి స్టిరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం కట్టడి చేసింది. తనిఖీ చేయాల్సిన అధికారులు ఎక్కడున్నారు?

పొద్దస్తమానం గమ్‌బూట్లతో మురుగు కాలవల్లో దిగే పారిశుధ్య కార్మికుడినే తీసుకోండి. ముందు చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, పొరలుగా ఊడుతుంది. అతను పాదాలు సబ్బుతో కడుక్కుని, సందులు పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టుకోవాలి. తడి మీద రాస్తే నానుడు ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత స్టిరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రెండు పూటలా పలచగా, చుట్టూ ఉన్న మంచి చర్మానికి కూడా రాయాలి. తగ్గినట్టు కనిపించాక మరో రెండు వారాలు రాయాలి. అందరూ మానేసేది సరిగ్గా ఇక్కడే.

మందు వాడినా మళ్లీ రావడానికి కారణం తడి బూట్లే. రాత్రికి రాత్రి గమ్‌బూటు లోపల ఆరదు. అందుకే కార్మికులకు రెండేసి జతలు ఇవ్వాలి, రోజు మార్చి రోజు తొడగాలి. నూలు మేజోళ్లు రోజూ మార్చి, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. పాదాలకు వేరే తువ్వాలు ఉండాలి. గజ్జలకు అంటకుండా లోదుస్తుల కంటే ముందే మేజోళ్లు వేసుకోవాలి. రోడ్ల మీద మురుగు నిలిచే కాలనీల్లో ఉన్నవాళ్లకూ ఈ జాగ్రత్తలే. ఆ నీళ్లు తోడించమని ఎన్ని అర్జీలు పెట్టాలో!

నాలుగు వారాలైనా తగ్గకపోతే చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి. కంపు, నొప్పి ఉంటే బ్యాక్టీరియా కూడా చేరి ఉండవచ్చు. షుగరు ఉన్నవాళ్లకు వాపు, ఎరుపు పాదం పైకి ఎగబాకితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

దయచేసి వార్తను సవరించండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అనే స్టిరాయిడ్ల పేర్లుంటే వేళ్ల సందులకు రాయొద్దని అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక చర్మవైద్యుడు, సత్యనారాయణపురం, విజయవాడ