మా లెక్కల సారు వీడ్కోలు వీడియో: కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మా లెక్కల సారు పదవీ విరమణ సభ ముగిసింది. నాలుగు రాత్రులుగా సరైన నిద్ర లేదు, అయినా ఈ మాటలు ఇప్పుడే రాయకపోతే రుణం మిగిలిపోతుందని కూర్చున్నాను.

పాత విద్యార్థుల నుంచి 43 క్లిప్పులు వచ్చాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపినవి మసకబారి చేరడంతో, డాక్యుమెంటుగా మళ్లీ పంపమని అందరినీ బతిమాలుకున్నాను. స్పష్టత వచ్చింది గానీ, నా ల్యాప్‌టాప్‌లో వాటిని అతికించేసరికి పెదవులు ఒక చోట, మాట ఒక చోట పడసాగాయి. మొదట్లో బాగానే ఉండి, మూడో నిమిషానికి తేడా తెలిసేది. ఏమీ పాలుపోక, అనంతపురం క్లాక్ టవర్ దగ్గర పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక చిన్న స్టూడియో మెట్లెక్కాను.

అక్కడి తమ్ముడికి నేనెవరో తెలియదు, మా సారెవరో అసలే తెలియదు. ఫోను వెలుతురును బట్టి సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను మార్చుకుంటూ పోతుందనీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు మాత్రం అది స్థిరంగా ఉందనుకుంటుందనీ, అందుకే నిడివి పెరిగేకొద్దీ మాట జారిపోతుందనీ ఓపికగా చెప్పాడు. క్లిప్పులన్నిటినీ HandBrake లో Constant Framerate పెట్టి, సెకనుకు 30 చొప్పున మార్చాడు. నేను లేవబోతే కూర్చోమన్నాడు.

"అన్నా, ఇట్ల బ్యాచీల ప్రకారం పేరిస్తే నలభై మూడు సార్లు నమస్కారమే వినపడతాది."

ఆ రాత్రి రెండు గంటల దాకా అన్నీ విన్నాడు. ఒకరికొకరు తెలియని తొమ్మిది మంది ఒకే సంగతి చెప్పారని పట్టుకున్నది అతనే: సారు చాక్‌పీసుకు దారం కట్టి, రెండో కొసను ఒక పిల్లవాడి వేలి కింద నొక్కి పట్టించి, బోర్డు మీద వృత్తం గీసేవారు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని ఇంకొకరి నోట పూర్తి చేయిస్తూ, ఆ తొమ్మిది ముక్కల చుట్టూ మిగిలినవాటిని అల్లాడు. గంటన్నర సరుకు పదమూడు నిమిషాలైంది. కువైట్ నుంచి వచ్చిన క్లిప్పులో గాలి హోరు తప్ప ఏమీ వినపడటం లేదు, తీసేయమన్నాను. ఒప్పుకోలేదు. ఆ మనిషికే ఫోన్ చేయించి, అడిగి, మాటలను కింద అక్షరాలుగా వేశాడు.

డబ్బులివ్వబోతే, "పదో తరగతి లెక్కల్లోనే తప్పినా అన్నా. నన్ను దారం పట్టుకోమన్న సారు దొరకలే," అన్నాడు. మెట్లు దిగి స్కూటరు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషిని, ఆఖరి రోజున, బాకీ లేదనే ఒక కాగితం కోసం రెండు సార్లు తిప్పారు, సభ గంట ఆలస్యమైంది. 62 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో సర్వీసు రిజిస్టరులో ఉండనే ఉంది కదా, ఆ కాగితం నెల ముందే ఇస్తే ఏం పోయేది?

నా భార్య, మా తమ్ముడు ఎలాగూ ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. అన్నట్టు, 4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కక నిలిచిపోతే, ఆ పెన్‌డ్రైవును exFAT ఫార్మాటుకు మార్చి ఎక్కించి ఇచ్చిన నెట్ సెంటరు అమ్మాయిని మరిచేపోయాను. కుర్చీలు మోసిన తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా. వాళ్లలో ఒకడు కిటికీలకు దుప్పట్లు కట్టకపోయి ఉంటే ఆ వెలుతురులో తెర మీద ఎవరికీ ఏమీ కనపడేది కాదు.