మధ్యాహ్నం 2.15 నుంచి 3 వరకు షాపు ఎందుకు మూస్తున్నాం

"ఏటండీ, మందుల షాపు కూడా అన్నం టైముకి మూసేస్తే ఎలాగ? ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చాను, అరగంట మెట్ల మీద కూచున్నాను. మేడమ్ తింటుంటే ఆ కాసేపు మీరు కూచుని ఇచ్చేయొచ్చు కదా?"

ఇవ్వలేనండీ. షాపు నాదే, అద్దె కట్టేది, సరుకు తెచ్చేది నేనే. కానీ నేను ఫార్మసిస్టుని కాదు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదంటే ఆ ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. మేడమ్ వెనక గదిలో కంచం ముందు కూర్చుని, కౌంటర్ దగ్గర నేను మందు ఇస్తే అది దగ్గరుండి చూడడం అవ్వదు. ఆవిడ అన్నం తినాలంటే కౌంటర్ వదలాలి, ఆవిడ వదిలితే ఆ కౌంటర్ దగ్గర ఇంకెవరూ మందు ఇవ్వకూడదు. మా దగ్గర ఉన్న ఫార్మసిస్టు ఆవిడ ఒక్కరే. చాలా రోజులు మధ్యాహ్నం పూట నేను సరుకు కోసం శ్రీకాకుళం వెళ్తాను కాబట్టి షాపులో ఉండే మనిషి కూడా ఆవిడ ఒక్కరే.

ఓనరో, పని నేర్చుకున్న కుర్రాడో ఇచ్చేసే షాపులు చాలానే ఉన్నాయని మీరు అంటారు. మన పలాస చుట్టుపక్కల అది ఎంత ప్రమాదమో ఒక్క మందు సంగతి చెబుతాను. మోకాలి నొప్పి అని వచ్చి "నొప్పుల మాత్రలు రెండివ్వండి" అని అడిగేవాళ్లు మాకు రోజూ ఉంటారు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మామూలు మనిషికి ఒకటి రెండు రోజులు వాడితే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ మనది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి చాలాకాలం ఏ లక్షణమూ కనిపించదు. అందుకే మేడమ్ చీటీ అడుగుతారు, "ఈమధ్య క్రియాటినిన్ చూపించుకున్నారా? ఎంత వచ్చింది?" అని అడుగుతారు. చీటీ లేకపోతే, జవాబు సరిగ్గా లేకపోతే ఆ మాత్ర ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపిస్తారు. నాకు ఏ డబ్బా ఏ అరలో ఉందో తెలుసు. ఏ మనిషికి ఏ డబ్బా ఇవ్వకూడదో తెలిసింది ఆవిడకే.

ఇంక రెండో మాట. "కస్టమర్లు లేనప్పుడు గబగబా తినేస్తే సరిపోతుంది కదా, షట్టర్ ఎందుకు?" అని కొందరు అన్నారు. ఒంటరిగా పనిచేసే మనిషికి చాలా షాపుల్లో ఇచ్చే విరామం అదే. అది విరామం ఎందుకు కాదో కౌంటర్ వెనక నుంచి చూస్తే తెలుస్తుంది. బాక్స్ మూత తీస్తారు, రెండు ముద్దలు తింటారు, గంట మోగుతుంది. చెయ్యి కడుక్కోకుండా స్ట్రిప్ ముట్టుకోకూడదు కాబట్టి లేచి కడుక్కుంటారు, మందు ఇస్తారు, మళ్లీ కూర్చుంటారు. ఒకటిన్నరకి తెరిచిన బాక్స్ నాలుగింటికి సగం మిగిలి మూతపడుతుంది. ఇంకా బాధ కలిగించేది నీళ్ల సంగతి. బాత్రూమ్‌కి వెళ్తే షాపు ఎవరు చూస్తారని, పొద్దున్నుంచి నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. మే నెల ఎండల్లో రోజంతా అలా ఉంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయని రోజూ పదిమందికి చెప్పే మనిషే తాను నీళ్లు తాగకుండా కూర్చోవాల్సి రావడం నాకు సరైంది అనిపించలేదు. పైగా షాపుల్లో పనిచేసేవాళ్లకి మధ్యలో విశ్రాంతి సమయం ఉండాలని మన రాష్ట్ర షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టమే చెబుతుంది. కస్టమర్ వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ కూర్చున్న సమయం విశ్రాంతి ఎలా అవుతుంది? అది పనే.

దీని ఫలితం మీ మందుల మీదే పడుతుంది. మా షాపులో ఒక నోట్‌బుక్ ఉంది. అర లోంచి తప్పు డబ్బా చేతికి వచ్చి, బిల్లు కొట్టేలోపు మేడమ్ పట్టుకుని మార్చినవి అందులో రాస్తారు. మీ చేతికి వచ్చినవి కావు, రాకుండా ఆగినవి. షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినవి ఒకే కంపెనీలో 1, 2 అని వస్తాయి. డబ్బా రంగు ఒకటే, పేరు ఒకటే, చివర అంకె ఒక్కటే తేడా. 1 వేసుకోవాల్సిన పెద్దాయన 2 వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు పట్టవచ్చు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. కిడ్నీ కూడా బాగోలేని వాళ్లలో ఆ మందు ఒంట్లోంచి త్వరగా పోదు, షుగర్ మళ్లీ మళ్లీ పడుతుంది. ఆ నోట్‌బుక్‌లో ఇలాంటివి ఎక్కువగా ఏ టైములో ఉన్నాయో చూస్తే, మధ్యాహ్నం రెండు దాటాక, తిండి లేకుండా, మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూ ఉన్నప్పుడే. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ రాసే హెచ్1 రిజిస్టర్‌లోనూ అదే తెలుస్తుంది. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చాం అన్నీ ఇచ్చినప్పుడే రాయాల్సిన పుస్తకం అది. అందులో మధ్యాహ్నం ఎంట్రీలు సాయంత్రం ఒకేసారి రాసినట్టు కనిపిస్తే, ఆ మనిషికి ఊపిరి తీసుకునే తీరిక లేదని అర్థం.

అందుకే అసలు మూసేద్దాం అనుకున్నాం. ఎప్పుడు అనేది ఊహించి పెట్టలేదు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బిల్లు మీద టైము పడుతుంది కాబట్టి గంటల వారీగా తీసి చూశాం. పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా ఓపీ చీటీల రద్దీ. రెండు దాకా వాళ్లలో చివరివాళ్లు, బస్సుకి ముందు వచ్చి తీసుకునేవాళ్లు. ఒంటిగంటన్నరకే మూస్తే మేడమ్‌కి బాగుండేది, కానీ మందసవైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు చీటీతో నిలబడిపోతారు. రెండుంపావు తర్వాత బిల్లులు బాగా తగ్గిపోతాయి. మూడు తర్వాత మళ్లీ పెరుగుతాయి, ఎందుకంటే డయాలసిస్‌కి ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది, పొద్దున పదకొండుకి ఎక్కించినవాళ్ల తాలూకు మనుషులు ఆ టైముకే ఇంజెక్షన్ల కోసం వస్తారు. రక్తం పెరగడానికి వేసే ఆ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కొని చేత్తో పట్టుకుని ఎండలో తిరిగే మందు కాదు. వాళ్లు వచ్చే టైముకి మా ఫ్రిజ్ అందుబాటులో ఉండాలి. అలా 2.15 నుంచి 3 అని తేలింది.

మొదట షట్టర్ సగం దించి చూశాం. సగం దించిన షట్టర్ అంటే లోపల మనిషి ఉన్నట్టే, అందరూ వంగి "అమ్మా" అని పిలిచారు. ఇప్పుడు పూర్తిగా దించి తాళం వేస్తున్నాం, తెరిచే టైము పెద్ద అక్షరాలతో బయట రాశాం. 2 దాటాక కొత్త చీటీ తీసుకోం, కానీ అప్పటికే లోపల ఉన్నవాళ్లందరికీ ఇచ్చాకే మూస్తాం. అందులో పది నిమిషాలు ఆలస్యమైతే తెరవడం కూడా పది నిమిషాలు ఆలస్యం అవుతుంది. బోర్డు మీద ఆ టైము మార్చి రాస్తాం. ముప్పావుగంట అంటే ముప్పావుగంటే, అందులోంచి కోసుకోం. షాపు ఫోను ఆ టైములో నా దగ్గర ఉంటుంది, మేడమ్ దగ్గర కాదు.

ఇది కాక పొద్దున పదకొండు ప్రాంతంలో, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పదేసి నిమిషాలు మేడమ్‌కి విరామం ఉంటుంది. నేను ఉంటే తలుపు తెరిచి చీటీలు వరసగా తీసి ఉంచుతాను, డైపర్లు, ప్యాడ్లు, సబ్బులు లాంటివి ఇస్తాను. మందు మాత్రం ముట్టను, నొప్పుల మాత్ర ఒక్కటైనా సరే. నేను లేకపోతే అద్దం తలుపుకి తాళం పడుతుంది. మందులున్న షాపుని తెరిచి వదిలి వెళ్లడం కుదరదు.

అత్యవసరం మాటేమిటి అంటారు. ఆయాసంతో ఇన్‌హేలర్ అయిపోయిన మనిషి వస్తే పక్కసందులో వెనక తలుపు కొట్టండి, మేడమ్ లేచి వచ్చి ఇస్తారు, ఆ నిమిషాలు తర్వాత ఆవిడకి కలుపుతాం. దీనికి కూడా హద్దు ఉంది. గుండె నొప్పి, మాట తడబడడం, మూర్ఛ లాంటి వాటికి మందుల షాపు తలుపు తెరిచి ఉన్నా అక్కడికి రాకూడదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే వెళ్లాలి. మామూలు చీటీ అయి, తొందరగా కావాలంటే ఆ టైములో తెరిచి ఉన్న వేరే షాపులో తీసుకోండి. ఆ బిల్లు మాకు పోతుందని నాకు తెలుసు, ఆ లెక్క వేసుకునే ఈ నిర్ణయం తీసుకున్నాను.

ఇచ్ఛాపురం అన్నయ్యా, మీలాగా దూరం నుంచి వచ్చేవాళ్లకి ఒక ఏర్పాటు చేశాం. బస్సు ఎక్కేటప్పుడు చీటీ ఫోటో షాపు వాట్సాప్‌కి పంపండి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు వస్తే మేడమ్ మూసేలోపే మందులు తీసి, పేరు రాసి కవర్లో పెడతారు. చల్లగా ఉంచాల్సినవి ఫ్రిజ్‌లోనే ఉంటాయి, మీరు వచ్చాకే బయటికి తీస్తారు. కవర్ మీ చేతికిచ్చే ముందు అసలు చీటీ చూస్తారు కాబట్టి అది మర్చిపోకండి. ఫోటోలో అంకె తప్పుగా కనిపించడం జరుగుతూ ఉంటుంది.

రెండో ఫార్మసిస్టు కోసం చూస్తున్నాను. మన జిల్లాలో చదువుకున్న పిల్లలు పైడిభీమవరం కంపెనీలకో, విశాఖపట్నం వైపో వెళ్లిపోతున్నారు, షాపు జీతానికి దొరకడం కష్టంగా ఉంది. డి.ఫార్మసీ చేసి, రిజిస్ట్రేషన్ ఉండి, మధ్యాహ్నం ఒకటి నుంచి సాయంత్రం దాకా అయినా కూర్చోగలిగే వాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే చెప్పండి. వాళ్లు చేరిన రోజు నుంచి షట్టర్ దించే పని ఉండదు, ఒకరి తర్వాత ఒకరు భోజనానికి లేస్తారు.