జ్వరం లేదని పంపేశారు

సంపాదకులకు,

అయ్యా,

మా ప్రాంతపు ఆరోగ్య శిబిరం గురించి మీరు వేసిన వార్తలో, నూరు డిగ్రీలు దాటితేనే వృద్ధులు ఆసుపత్రికి రావాలన్న ఒక అధికారి మాట చదివి పది రోజులైంది. ఎవరైనా ఖండిస్తారేమోనని ఎదురుచూసి, చివరికి నేనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మగారికి 84 ఏళ్లు. మొన్న చలికాలంలో ఒక పొద్దున్న ఆవిడ కాఫీ గ్లాసు ముట్టలేదు. మధ్యాహ్నానికి నన్ను ఎప్పుడో పోయిన మా మామయ్య పేరుతో పిలిచి, స్నానాల గది గడప దగ్గర కూలబడ్డారు. దగ్గు లేదు. ఆసుపత్రిలో థర్మామీటరు 99.4 చూపగానే, జ్వరం లేదు, వయసు చాదస్తమని పంపేశారు. ఆవిడ ఒంటివేడి మామూలుగా 97.2 దాటదని నేను చెబుతుంటే వినే ఓపిక అక్కడెవరికీ లేకపోయింది. ఆ వయసులో మామూలు కంటే రెండు డిగ్రీలు పెరగడమే జ్వరం. ఇంటికొచ్చి గడియారం ముందు పెట్టుకుని లెక్కిస్తే ఊపిరి నిమిషానికి 28 సార్లు ఆడుతోంది. ఆ వయసులో 25 దాటితే చాలు, కంగారు పడాలి. మర్నాడు బరంపురంలో ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా అని తేలింది. కోలుకున్నారు గానీ, కర్ర లేకుండా నడవలేకపోతున్నారు.

అక్కడి డాక్టరుగారు చెప్పింది ఇది. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. కొత్త క్రిములను ఎదుర్కొనే టి కణాలు అక్కడే తయారవుతాయి గనుక వాటి రాక తగ్గిపోతుంది. జ్వరం పుట్టించే సంకేతాలూ మందగిస్తాయి. అందుచేత ముసలివారిలో రోగం వేడిగా కాక, తికమకగా, తిండి మానడంగా, పడిపోవడంగా బయటపడుతుంది.

టీకా విషయమూ ఇంతే. టీకా పనిచేయాలంటే శరీరం బదులివ్వాలి. ఆ బదులే బలహీనమైనప్పుడు యువకుడికిచ్చే మోతాదు చాలకపోవచ్చు. అందుకే అమెరికాలో 2022 నుంచి 65 దాటినవారికి నాలుగు రెట్లు మందున్న ఫ్లూ టీకాను గానీ, శరీరాన్ని మరింత ఉసిగొల్పే పదార్థం కలిపిన టీకాను గానీ ముందుగా ఎంచుకోమంటున్నారు. వాటితోనూ పూర్తి రక్షణ ఉండదు, తీవ్రత తగ్గుతుంది. మన సార్వత్రిక టీకాల కార్యక్రమమేమో పిల్లల కోసం, గర్భిణుల కోసం నడుస్తోంది. ముసలివారికి న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా వేయించాలంటే మందుల షాపులో ధర అడిగి వెనక్కి రావలసిందే. శిబిరానికి మాత్రం షామియానా, పూలదండలు, ఒడియాలో రెండు ఫ్లెక్సీలు, తెలుగులో ఒకటి కూడా లేదు.

ఓపీ చీటీలో ఒంటివేడికి ఒక గడి ఉంది. దాని పక్కన ఊపిరి లెక్కకు ఒకటి, నిన్నటికీ ఇవాళటికీ మనిషి మారారా అని ఇంటివారిని అడిగి రాయడానికి మరొకటి గీయించాలంటే ఎంత నిధులు కావాలో ఆ అధికారిగారే సెలవివ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా