కథలోని ఆ అమ్మాయి తప్పు చేయలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు వేసిన హాస్టల్ కథ గురించి ఈ ఉత్తరం. కరెంటు పోయిన రాత్రి ఇద్దరు స్నేహితురాళ్లు కొవ్వొత్తి వెలుగులో, ఆ రోజు పేపర్లో వచ్చిన మొండి సుడోకుతో కుస్తీ పడతారు. చివరికి నాలుగు గడులు మిగులుతాయి. వాళ్లలో ఒకమ్మాయి ఒక గడిలో 3 వేయగానే మిగతా మూడూ ఇట్టే నిండిపోతాయి. మర్నాడు పేపర్లో జవాబు చూస్తే అదే గడిలో 8 ఉంటుంది. చీకట్లో ఏదో అంకె తప్పు చదివానని ఆ అమ్మాయి బాధపడుతూ కాగితం మడిచి దాచుకుంటుంది. అక్కడితో కథ అయిపోతుంది.

కానీ ఆ అమ్మాయి తప్పు చదవలేదు. తప్పు పేపరుది. కథలో ఉన్న వివరాలతోనే ఆ సంగతి తేల్చవచ్చు. రోజూ సుడోకు అచ్చువేసే ప్రతి పత్రికకూ ఇది పనికొచ్చే విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా కొవ్వొత్తి మీది అనుమానం తీర్చుకుందాం. మసక వెలుతురులో 3కీ 8కీ తేడా తెలియకపోవడం నిజమే. ఎడమవైపు వంపులు కలిశాయా లేదా అన్నదొక్కటే వాటి మధ్య తేడా, చిన్న అచ్చులో అది మసకబారిపోతుంది. అయితే కథలో వాళ్లు ఆ జాగ్రత్త పడ్డారు. ఒకరు ఒక్కో వరుసా పైకి చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి సరిచూశారు. పైగా చదవడంలో తప్పు జరిగితే అది చాలావరకు దాగదు. ఎక్కడో ఒకచోట ఒకే వరుసలో ఒకే అంకె రెండుసార్లు రావలసి వస్తుంది, లేదా ఏ అంకే పట్టని గడి ఒకటి మిగిలిపోతుంది. వీళ్ల పట్టికలో 81 గడులూ నిండాయి, ఎక్కడా అంకె అంకెతో తగాదా పడలేదు. పేపర్లో ఇచ్చిన అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండి, నియమాలన్నీ పాటిస్తూ పట్టిక నిండిందంటే అది సరైన జవాబే. పేపర్లో వచ్చిన జవాబు వేరేగా ఉందంటే ఆ సుడోకుకు రెండు జవాబులున్నాయని అర్థం.

ఎలాగో చూడండి. మిగిలిన నాలుగు గడులూ 4, 5 అడ్డ వరుసల్లో, 2, 8 నిలువు వరుసల్లో ఉన్నాయి. నాలుగింటిలోనూ 3 గానీ 8 గానీ తప్ప ఇంకేదీ పట్టదు. పై వరుసలో 3, 8 వేసి కింది వరుసలో 8, 3 వేయవచ్చు. తిరగేసి పైన 8, 3, కింద 3, 8 వేసినా చెల్లుతుంది. ఎటు వేసినా ప్రతి అడ్డ వరుసలోనూ ఒక 3, ఒక 8 పడతాయి, నిలువు వరుసల్లోనూ అంతే. ఇక 3×3 చదరాల సంగతి. 2వ నిలువు వరుసలోని రెండు గడులూ ఎడమ పక్క నడిమి చదరంలో ఉన్నాయి, 8వ వరుసలోని రెండూ కుడి పక్క నడిమి చదరంలో ఉన్నాయి. అంకెలు అటూ ఇటూ మారినా చదరం దాటి బయటికి పోవు. అందుకే రెండు జవాబులూ నిలుస్తాయి. అదే గడులు 4, 7 అడ్డ వరుసల్లో ఉంటే నాలుగు గడులూ నాలుగు వేర్వేరు చదరాల్లో పడేవి. అప్పుడు అంకెలు తిరగేస్తే ఒక చదరంలో 3 పోయి 8 వస్తుంది, అక్కడ అప్పటికే 8 ఉంటుంది కాబట్టి కుదరదు. కనుక నాలుగు మూలల్లో రెండే అంకెలు కనిపిస్తే ముందు చూడవలసింది అవి ఎన్ని చదరాల్లో ఉన్నాయన్నదే. రెండింటిలోనే ఉంటే, ఆ నాలుగు గడుల్లో ఒక్కటైనా అచ్చులో ఇచ్చి తీరాలి.

మరి అచ్చులో పడకుండా పోయిందెక్కడ? కథలో దీనికీ జాడ ఉంది, నాకు బాగా నచ్చింది ఇదే. పేపర్లో ఇచ్చిన అంకెలు 25 అనీ, పట్టిక నట్టనడిమి గడి ఖాళీ అనీ రచయిత రాశారు. చాలామంది కూర్పరులు అంకెలను జంటలుగా అమరుస్తారు. కాగితాన్ని తలకిందులుగా తిప్పినా అంకెలున్న చోట్లు మారవు. అలాంటి అమరికలో నడిమి గడి ఖాళీగా ఉంటే, ఇచ్చిన అంకెల లెక్క సరిసంఖ్య కావాలి. 25 వచ్చిందంటే ఒకటి రాలిపోయిందన్నమాట. జంట లేని అంకె 6వ అడ్డ వరుస, 8వ నిలువు వరుసలో ఉందని కథే చెబుతోంది. దాని జంట 4వ అడ్డ వరుస, 2వ నిలువు వరుసలోని గడి. ఆ అమ్మాయి 3 వేసిన గడి అదే! అక్కడ పడాల్సిన 8 పేజీ కట్టేటప్పుడు జారిపోయింది. ఈ జంటల అమరిక సుడోకు నియమం కాదు, ఆనవాయితీ మాత్రమే. అందుకని లెక్క బేసిగా వచ్చినంత మాత్రాన తప్పని చెప్పలేం. కానీ మిగతా అంకెలన్నీ జంటలుగా ఉండి ఒక్కటే ఒంటరిగా మిగిలితే అనుమానించాల్సిందే.

ఎక్కువ అంకెలిస్తే ఈ బాధ తప్పుతుందనుకోవడం కూడా పొరపాటే. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని డబ్లిన్ గణితవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటరుతో వెతికి తేల్చింది. కానీ పైన చెప్పిన నాలుగు గడులు వదిలేసి మిగతా 77 గడుల్లోనూ అంకెలిచ్చినా జవాబులు రెండే. ఎన్ని ఇచ్చామన్నది కాదు, ఎక్కడ ఇచ్చామన్నదే లెక్క.

దీనివల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది చేయి తిరిగినవాళ్లు. మూడు మూలల్లో 3, 8 మాత్రమే పట్టి, నాలుగో మూలలో 3, 8, 5 పడితే వాళ్లు ఆలోచించకుండా 5 వేస్తారు. 5 కాకపోతే రెండు జవాబులు వస్తాయి, పత్రిక అలాంటిది వేయదు అన్న నమ్మకమే దానికి ఆధారం. అచ్చులో అంకె జారితే ఆ నమ్మకమే వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

అందుకే మీ పజిల్ పేజీ చూసేవారికి రెండు పనులు చెప్పమని కోరుతున్నాను. సుడోకును కంప్యూటరుతో సరిచూసేటప్పుడు మొదటి జవాబు రాగానే ఆపకూడదు, రెండో జవాబు ఉందేమో చివరిదాకా వెతికించాలి. ఈ పరీక్ష కూర్పరి పంపిన పట్టికకు చేస్తే చాలదు. పేజీ కట్టాక ప్రూఫులో కనిపించే అంకెలను మళ్లీ ఎక్కించి చేయాలి, ఎందుకంటే అంకె రాలేది ఆ మధ్యలోనే. మనిషికి ఐదు నిమిషాల పని. ఎప్పుడైనా తప్పు దొర్లితే మర్నాడు ఉత్త జవాబు వేసి ఊరుకోకుండా, ఏ గడిలో ఏ అంకె పడలేదో, వేరే జవాబు వచ్చినవారిదీ సరైనదేనని దాని కిందే ఒక వాక్యం వేయండి. బహుమతి సుడోకు అయితే రెండు జవాబులనూ లెక్కలోకి తీసుకోండి.

ఆ కథను పుస్తకంగా వేసేటప్పుడు ముగింపు మార్చవద్దని రచయితకు నా మనవి. 25 అన్న అంకెను కూడా అలాగే ఉంచమనండి.

– రోజూ సుడోకు నింపే ఒక పాఠకుడు