ఇసుక తడిగా ఉన్నప్పుడు బస్తాకి ఎన్ని లీటర్ల నీళ్లు

«పోయిన వేసవిలో కింది స్లాబ్‌కి బస్తాకి 25 లీటర్లు పోస్తే మాలు బాగా వచ్చింది. ఇప్పుడు పై స్లాబ్‌కి మీ దగ్గర తెచ్చిన ఇసుకతోనే అదే 25 పోస్తే జావలా జారిపోతోంది. ఇసుక మారిందా? అసలు బస్తాకి ఎన్ని లీటర్లు పోయాలి?»

ఇసుక అదేనండీ, దానికి అంటుకుని వచ్చే నీళ్లే పెరిగాయి. ఈ వారం మా యార్డులో ఉన్న ఇసుకతో పోసేవాళ్లు మిల్లర్‌లో బస్తాకి సుమారు 19న్నర లీటర్లే పోయాలి. మిగతా ఐదున్నర లీటర్లు ఇసుక, కంకరతో పాటే మీ సైటుకి వచ్చేశాయి. ఆ లెక్క ఎలా వచ్చిందో కింద వివరంగా రాస్తున్నాం. మీ కుప్ప తడి వేరుగా ఉంటే అంకెలు మార్చుకుని మీరే వేసుకోవచ్చు.

ముందు పొడి లెక్క. సిమెంటు బస్తా 50 కిలోలు. నీరు–సిమెంటు నిష్పత్తి 0.50 అనుకుంటే 50ని 0.50తో గుణిస్తే 25. అంటే బస్తా సిమెంటుకి 25 కిలోల నీళ్లు, లీటర్లలోనూ 25. 0.55 అయితే 27న్నర, 0.45 అయితే 22న్నర. కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ ఐ.ఎస్. 456లో, ఎం20 గ్రేడు కాంక్రీటుని డిజైన్ లేకుండా పాళ్లతోనే కలిపే నామినల్ మిక్స్‌కి బస్తాకి 30 లీటర్ల దాకా గరిష్ఠ పరిమితి కనిపిస్తుంది. అదే కోడ్ ఇనుము వేసే కాంక్రీటుకి మామూలు వాతావరణంలో 0.55 దాటవద్దంటుంది. మన స్లాబుల్లో ఇనుము ఉంటుంది కాబట్టి ఆ 30ని పట్టుకోవద్దు. ఇళ్ల స్లాబులకి మేము చెప్పేది 0.50. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కోడ్ 0.45కి, ఎం30కి వెళ్లమంటుంది. అక్కడ సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లతో పని జరగదు, ఇంజినీరుతో మిక్స్ డిజైన్ చేయించుకోవాల్సిందే.

అయితే ఆ 25 లీటర్లంటే మిల్లర్‌లో బకెట్‌తో పోసేవి మాత్రమే కాదు, సిమెంటుకి అందే నీళ్లు మొత్తం. ఇసుక రేణువు లోపలికి కొంత నీరు పీల్చుకుంటుంది. అది సిమెంటుకి అందదు కాబట్టి లెక్కలోకి రాదు. రేణువు కడుపు నిండాక పైన పొరలా అంటుకున్న నీరే సిమెంటులో కలుస్తుంది. కనుక మొత్తం తడిలోంచి పీల్చుకున్న భాగం తీసేస్తే, మిగిలింది మీకు తెలియకుండా మిల్లర్‌లో పడుతున్న నీరు. నది ఇసుక పీల్చుకునేది 1 శాతం దగ్గర, మన గ్రానైటు కంకర అర శాతం దగ్గర ఉంటుంది. రోబో ఇసుక క్వారీని బట్టి ఇంకా ఎక్కువ పీలుస్తుంది, దాని టెస్టు రిపోర్టు అడిగి చూసుకోండి.

ఇప్పుడు ఒక బస్తా మాలు తీసుకుందాం. 1:1½:3 పాళ్లలో బస్తాకి పొడి ఇసుక సుమారు 80 కిలోలు, 20 ఎం.ఎం. కంకర 150 కిలోలు. ఇసుకలో మొత్తం తడి 6 శాతం, కంకరలో 1½ శాతం అనుకోండి.

ఇసుకలో పైతడి: 6 − 1 = 5 శాతం; 80 కిలోలకి 4 లీటర్లు
కంకరలో పైతడి: 1½ − ½ = 1 శాతం; 150 కిలోలకి 1½ లీటర్లు
మిల్లర్‌లో పోయాల్సింది: 25 − 5½ = 19½ లీటర్లు

ఇది చూసుకోకుండా 25 పోస్తే మాలులో ఉన్న నీరు 30న్నర లీటర్లవుతుంది. 50తో భాగిస్తే 0.61. 0.50 దగ్గర వచ్చే 28 రోజుల బలంలో దాదాపు ఐదో వంతు పోతుంది. బస్తా ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదైనదైనా ఈ నష్టం తప్పదు.

తూకం వేసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 80 కిలోల పొడి ఇసుక కావాలంటే 6 శాతం తడి ఇసుకని 84.8 కిలోలు తూచాలి. తడి ఇసుకే 80 తూచితే ఇసుక తక్కువ పడుతుంది.

తడి శాతం తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఇనుప బాణలి, స్టవ్, గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు చాలు. కుప్ప పైన ఎండిన పొర తీసేసి, నడుము ఎత్తులో నాలుగైదు చోట్ల నుంచి లోపలి ఇసుక తీసి కలపండి. అందులోంచి సరిగ్గా 1000 గ్రాములు తూచి బాణలిలో వేసి, గరిటెతో తిప్పుతూ సన్నని మంట మీద వేయించండి. రంగు తేలుతుంది, ముద్దలు విడిపోతాయి, గరిటె నుంచి ఇసుక ఉప్పులా జారుతుంది. అప్పుడు బాణలి మీద చల్లని గాజు పలక పట్టండి. దాని మీద ఆవిరి పడుతుంటే ఇంకా తడి ఉన్నట్టే. పలక తేటగా ఉండేదాకా వేయించి, చల్లారాక తూచండి. 943 గ్రాములు వస్తే పోయిన నీరు 57. దాన్ని 943తో భాగించాలి, 1000తో కాదు, ఎందుకంటే పైన లెక్కంతా పొడి బరువు మీదే వేశాం. వచ్చేది 6 శాతం. కంకరకి కూడా ఇంతే, కాకపోతే రెండు మూడు కిలోలు తీసుకుంటే మేలు.

స్టవ్ లేనప్పుడు ఐ.ఎస్. 456 ఇచ్చిన అంచనాలు పనికొస్తాయి. అవన్నీ పైతడి శాతాలే, పీల్చుకున్నది మళ్లీ తీసేయకూడదు. బాగా తడిసిన ఇసుకకి 7½, మధ్యస్థంగా ఉంటే 5, కాస్త చెమ్మగా ఉంటే 2½. చెమ్మ కంకరకి 1¼ నుంచి 2½. చేత్తో చూస్తే మధ్యస్థపు తడి ఇసుక పిడికిలి బిగిస్తే ముద్దై నిలుస్తుంది, అరచేయి తడుస్తుంది. అయినా ఇది అంచనాయే. 2½కి, 5కి మధ్య తేడా ఒక్క ఇసుకలోనే బస్తాకి 2 లీటర్లు. అందుకే స్లాబ్ రోజు పొద్దున్నే బాణలి పెట్టమంటాం. మధ్యాహ్నం వాన పడినా, కొత్త లోడు దిగినా మళ్లీ పెట్టాలి.

ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది. ఎండిన ఇసుకలో తడి 0.2 శాతం, కంకరలో 0.1 శాతం ఉంటే అవే మాలులోంచి నీళ్లు పీల్చుకుంటాయి. ఇసుక 0.64, కంకర 0.6 లీటర్లు, అంటే 25కి బదులు 26 లీటర్లు దాటాలి. కానీ మిల్లర్ తిరిగే రెండు మూడు నిమిషాల్లో కంకర తన వాటా మొత్తం పీల్చుకోదు, మాలు పోశాక కూడా లాగుతూనే ఉంటుంది. ముందురోజు సాయంత్రం కంకర మీద నీళ్లు చల్లి వదిలేస్తే ఈ తిప్పలు ఉండవు.

తూకం లేకుండా ఫర్మాలతో కొలిచేవాళ్లకి తడి ఇసుక ఇంకో దెబ్బ కొడుతుంది. చెమ్మగా ఉన్న ఇసుక పొంగుతుంది, ఫర్మా నిండినట్టు కనిపిస్తుంది గానీ లోపల ఇసుక తక్కువ. నిలువు గోడల గ్లాసులో తడి ఇసుకని 20 సెంటీమీటర్ల ఎత్తుకి వదులుగా పోయండి. దాన్ని బయటకి తీసి, గ్లాసులో సగం నీళ్లు నింపి, అదే ఇసుకని కలుపుతూ మళ్లీ వేయండి. 16 సెంటీమీటర్ల దగ్గర నిలిస్తే, 4ని 16తో భాగిస్తే పొంగు 25 శాతం. బస్తాకి రావాల్సిన ఇసుక 52న్నర లీటర్లు (35 లీటర్ల ఫర్మాతో ఒకటిన్నర). ఈ పొంగుకి సుమారు 65న్నర లీటర్లు కొలవాలి. అలా పెంచకపోతే బస్తాకి 80 బదులు 64 కిలోల ఇసుకే పడుతుంది. అప్పుడు మాలు గరుగ్గా, కంకర బయటికి తేలినట్టు వస్తుంది. అది చూసి మేస్త్రి నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకో బకెట్ పోస్తాడు. తక్కువైంది ఇసుక, పెరిగింది నీరు. మాకు వచ్చే ఫిర్యాదుల్లో తేనెపట్టులాంటి గుంతలు పడిన స్తంభాల వెనక తరచుగా కనిపించేది ఇదే.

మిల్లర్ దగ్గర నీళ్లు పైపుతో పోయనివ్వకండి. లీటరు సీసాతో కొలిచి బకెట్ లోపల గీతలు పెయింటుతో పెట్టించండి. 19న్నర లీటర్లలో ముందు 17 పోసి, మాలు రెండు నిమిషాలు తిరిగాక చూస్తూ మిగతాది పోయాలి. పైన చెప్పిన పాళ్లకి స్లంప్, అంటే శంకువు అచ్చు పైకి తీశాక మాలు కిందికి దిగే ఎత్తు, 75 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య రావాలి, మామూలు స్లాబ్‌కి వైబ్రేటర్‌తో అది సరిపోతుంది. నీరు ఎక్కువైతే తట్టలో పోసిన మాలు అంచుల్లో తేట నీరు ఊరుతుంది, కంకర కిందికి దిగి పైన పాలలాంటి పొర నిలుస్తుంది, సెంట్రింగ్ సందుల్లోంచి సిమెంటు పాలు కారుతుంది. ఆ పాలతో పోయేది మీరు కొన్న సిమెంటే.

19న్నర పోశాక కూడా మాలు బిగుసుగా ఉంటే ముందు తడి పరీక్ష మళ్లీ చేయండి, కుప్ప మారి ఉండొచ్చు. తడి సరిగానే ఉండి ఇంకా పలుచన కావాలంటే నీళ్లు ఒక్కటే పెంచొద్దు. లీటరు నీటికి 2 కిలోల సిమెంటు కలిపి పెంచితే 0.50 అలాగే ఉంటుంది. ఇనుము దట్టంగా ఉన్న బీములకి, నీళ్లు పెంచకుండానే మాలుని పలుచన చేసే ప్లాస్టిసైజర్ వాడటం ఇంకా మంచిది. డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా, నీళ్లలో కలిపి పోయండి.

మా వైపు నుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ఇసుక మేము టన్నుల్లో అమ్ముతాం. 6 శాతం తడి ఉన్న 10 టన్నుల లోడులో 566 కిలోలు నీళ్లే. ఇప్పటిదాకా ఆ బరువుకి కూడా బిల్లు వేశాం, అది సరికాదు. ఇకనుంచి లోడు ఎత్తే ముందు బాణలి పరీక్ష చేసి, శాతం, సమయం చలానా మీద రాస్తాం. 2 శాతం దాటిన తడి బరువు బిల్లులోంచి తీసేస్తాం. వానాకాలంలో పొడి ఇసుక ఇస్తామని మాత్రం మాట ఇవ్వలేం; మా దగ్గర షెడ్డు సగం యార్డుకే ఉంది. కడిగిన రోబో ఇసుక లారీలోంచి నీళ్లు కారుతూ దిగితే ఆ రోజే మాలులో వేయకండి. ఒక రాత్రి పట్టా కప్పి, వాలుగా ఉన్న చోట పోసి ఉంచండి, కుప్ప కింది అడుగు ఎత్తు వాడకండి, నీరంతా అక్కడికే దిగి ఉంటుంది. చలానా మీద మేము రాసే శాతం లోడు ఎత్తిన గంటది. మీ సైటులో కుప్ప ఆరినా తడిసినా బాణలి మళ్లీ మీరే పెట్టుకోవాలి. త్రాసు లేనివాళ్లు స్లాబ్‌కి ముందురోజు అడిగితే మా దగ్గరున్నది ఇచ్చి పంపుతాం.