పేరు మారితే పొడి మారిందంటారు, చూసుకో

ఒరేయ్ సూరీ,

కొట్టు పేరు మారుస్తున్నానని నీ ఖాతాదారులకి పంచుదామని రాసి పంపిన కాగితం చదివాను. ముందు తిట్టేసి, ఆ తర్వాత పనిలోకి దిగుతాను. "నూతన ఉత్తేజంతో, సరికొత్త హంగులతో మీ ముందుకు వస్తున్నాం" ఏంట్రా? చీరల షోరూం కరపత్రంలా ఉంది. మీ నాన్నగారి రోజుల నుంచీ నీ దగ్గర కాఫీ పొడి ఆడించుకుంటున్నవాళ్ళు ఇది చదివి ఒక్క మాటే అడుగుతారు: "ఏటి బాబూ, కొట్టు అమ్మేసారేటి?"

నవ్వకు. పాత కొట్టు పేరు మారిందంటే మన ఊళ్ళో మొదట వచ్చే అనుమానం అదే. యజమాని మారాడు కాబట్టి పొడి కూడా మారి ఉంటుంది, రేటు పెరిగి ఉంటుంది, వచ్చే వారం నుంచి అరువు కూడా ఉండదు అని వరసగా అనేసుకుంటారు. నీ కాగితంలో పేజీ అంతా కొత్త పేరు గొప్పతనం, కొత్త లోగోలో ఆకుపచ్చ రంగు ఎందుకు పెట్టావన్న కథ. వాళ్ళకి కావలసిన ముక్క మాత్రం చివర్లో "మా నాణ్యత ఎప్పటిలాగే" అని ఒక్క వాక్యం. నాణ్యత అంటే ఏది? అది చెప్పకపోతే ఆ మాట ఉన్నా లేనట్టే.

మారనిది రాసేటప్పుడు ఒక్కటే చూసుకో: అవతలివాడు కొట్టుకొచ్చి స్వయంగా చూసి పోల్చుకోగలిగిందే రాయాలి. "రుచి మారదు" అని రాయకు. గింజ పంట పంటకీ మారుతుంది, రుచి నీ చేతిలో ఉన్నది కాదు. నీ చేతిలో ఉన్నది ఏమిటంటే, ప్లాంటేషన్, పీబీ, రోబస్టా గింజలు ఏ పాళ్ళలో కలుపుతున్నావు, ఎంత ముదురుగా వేయిస్తున్నావు, చికోరీ ఎంత పడుతోంది, మనిషి ఎదుట ఆడిస్తున్నావా లేదా అన్నది. ఎనభై పాళ్ళు కాఫీ, ఇరవై పాళ్ళు చికోరీ అడిగినవాడికి ఎనభై ఇరవయ్యే ఇస్తావని రాయి. ప్యాకెట్టు మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని అచ్చు వేయాలని ఎలాగూ నిబంధన ఉంది. చికోరీ 49 శాతం దాటకూడదు కూడా. కాబట్టి పాత కవరూ కొత్త కవరూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. అలాంటి మాటకి విలువ ఉంటుంది.

ఇక్కడే నీతో అసలు పేచీ. కొత్త పేరులో "అరకు" పెట్టాలని ఎందుకంత పట్టుదల? వినడానికి బాగానే ఉంటుంది, బీచ్ రోడ్డుకొచ్చే టూరిస్టులు కూడా ఆగుతారు. కానీ నీ మిశ్రమంలో సగం పైన చిక్కమగళూరు గింజే కదా. కాగితంలో "నాణ్యత ఎప్పటిలాగే" అంటావు, బోర్డు మీద పేరేమో గింజ మారిందంటుంది. వాళ్ళు ఏది నమ్మాలి? జనం నమ్మేది బోర్డునే. పైగా అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. ఆ పేరుని ఎవరు పడితే వాళ్ళు, ఎక్కడి గింజకి పడితే దానికి తగిలించుకునేది కాదు. నా మాట విని ఆ ఒక్క ముక్క తీసెయ్. కావాలంటే అరకు గింజ ఒక్కటే వేరే డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మీద అరకు అని రాసుకో. కొట్టు పేరు మాత్రం కొట్టు పేరులా ఉండనీ.

ధర విషయంలో కూడా తొందరపడ్డావు. "ధరలో మార్పు లేదు" అని రాసేశావు. 2025 మొదట్లో అరబికా ధర ప్రపంచ మార్కెట్లో రికార్డుకెక్కినప్పుడు నువ్వు పడ్డ అవస్థ మరిచిపోయావా? నాలుగు నెలల్లో మళ్ళీ అలాంటిదొస్తే, నువ్వు పెంచింది గింజ ధర వల్లే అయినా, పేరు మార్చి రేటు పెంచాడంటారు. "పేరు మారినందుకు ధర పెంచం" అని రాయి, అది నిలబెట్టుకోగలవు. ఇప్పటికే పెంచాలన్న ఆలోచన మనసులో ఉంటే ఈ కాగితానికి చాలా ముందే పెంచెయ్, లేదంటే బాగా తర్వాత పెంచు. రెండూ ఒకేసారి మాత్రం వద్దు.

ఇక నా వృత్తి మాట, పన్నుల సంగతి. జీఎస్టీ నంబరు గురించి భయపడుతూ రాశావు గానీ, నీకా ఇబ్బంది లేదు. నీది సొంత వ్యాపారం, పార్టనర్‌షిప్పు కాదు, కంపెనీ కాదు. ఆ నంబరులో ముందు మన రాష్ట్రం 37, దాని వెనక నీ పాన్ నంబరే. పాన్ మారనంత వరకూ నంబరు మారదు. మారేది ట్రేడ్ నేమ్, అంటే కొట్టు పేరు, ఒక్కటే. దానికి REG-14 దరఖాస్తు పెట్టాలి, మారిన 15 రోజుల్లోగా. నువ్వేదైనా కంపెనీ పెట్టి దాని కిందకి మార్చుకుని ఉంటే కొత్త పాన్, కొత్త నంబరు వచ్చేవి. అప్పుడు "ఏమీ మారలేదు" అని రాస్తే అబద్ధమయ్యేది.

ఇళ్ళవాళ్ళకి ఈ గొడవ అక్కర్లేదు. అల్లిపురం, గోపాలపట్నం వైపు కిరాణా షాపులవాళ్ళకి మాత్రం కావాలి, ఎందుకంటే నీ బిల్లు మీద కట్టిన జీఎస్టీకి వాళ్ళు తమ పన్నులో క్రెడిట్ తీసుకుంటారు. టిఫిన్ హోటళ్ళలో ఎక్కువమంది 5 శాతం జీఎస్టీ పద్ధతిలో ఉంటారు, వాళ్ళకి ఆ క్రెడిట్టే లేదు, కాబట్టి పట్టించుకోరు. కిరాణా వాళ్ళకి ఇచ్చే కాగితంలో ఒక్క వాక్యం అదనంగా చేర్చు: జీఎస్టీ నంబరు అదే, పోర్టల్‌లో Search Taxpayer దగ్గర కొట్టి చూస్తే యజమానిగా నా పేరే కనిపిస్తుంది అని.

కానీ అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసింది డబ్బు సంగతి. ఈ రోజుల్లో "మా ఖాతా మారింది, ఇకనుంచి ఈ నంబరుకి పంపండి" అని మెసేజ్ వస్తే అది మోసగాడి పని అని చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళు ఇంకా మోసపోతూనే ఉన్నారు. పేరు మార్చుకుంటున్నానని ఊరంతా చెప్పుకుంటున్న కొట్టు అంటే ఆ మోసగాళ్ళకి మంచి అవకాశం. అందుకే పేరు మార్చే నెలలో ఫోన్ నంబరు మార్చకు, ఖాతా మార్చకు. వాట్సాప్‌లో కూడా అదే నంబరు ఉంచి పైన పేరు మాత్రం మార్చుకో, పాత సంభాషణలన్నీ అందులోనే ఉంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. నీ క్యూఆర్ స్కాన్ చేస్తే తెరమీద వచ్చేది బ్యాంకు దగ్గరున్న పేరు. బోర్డు మీద కొత్త పేరు, తెరమీద పాత పేరు ఉంటే మనిషి వేలు ఆగిపోతుంది. అందుకని ముందు జీఎస్టీలో పేరు మార్పించు, ఫుడ్ లైసెన్సులో, జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సులో కూడా. ఆ కాగితాలు పట్టుకెళ్తే బ్యాంకువాళ్ళు ఖాతా పేరు మారుస్తారు, ఆ తర్వాత క్యూఆర్. బోర్డు, కాగితం ఆఖర్న. నువ్వేమో ముందు బోర్డు చేయించేశావు. పోనీలే, దాన్ని గోడౌన్లో ఉంచు.

కిరాణా వాళ్ళు ముందు తేదీలేసి ఇచ్చిన చెక్కులు నీ దగ్గర కొన్ని ఉంటాయి కదా, అవన్నీ పాత పేరుమీదే. చెక్కు దాని మీది తేదీ నుంచి 3 నెలలు చెల్లుతుంది. ఖాతా పేరు మార్చేశాక పాత పేరు చెక్కు వేస్తే వెనక్కి రావచ్చు. మార్చకముందే మేనేజరుని కలిసి, పాత పేరు చెక్కులు కొంతకాలం తీసుకుంటారా లేదా కనుక్కో. తీసుకోం అంటే ఆ షాపులవాళ్ళకి ముందే చెప్పి చెక్కులు మార్పించుకో.

పేరు ఎందుకు మారుస్తున్నావో నిజం రెండు వాక్యాల్లో చెప్పు. మీ చిన్నాన్న కొడుకు గాజువాకలో అదే పేరుతో పెట్టాడు, అక్కడ కొన్న పొడి తెచ్చి నీ గల్లా ముందు గొడవ పెడుతున్నారు, అంతేగా. అతని పొడి బాగోదని మాత్రం ఒక్క అక్షరం రాయకు. రేపు పెళ్ళిలో పక్కపక్కనే కూర్చోవాలి మీరిద్దరూ.

నేనైతే ఇలా రాస్తాను, నీ మాటల్లోకి మార్చుకో:

"అమ్మా, అయ్యా,

డాబాగార్డెన్స్‌లో మీకు (పాత పేరు)గా తెలిసిన మా కాఫీ పొడి కొట్టుకి ఫలానా తేదీ నుంచి (కొత్త పేరు) అని పేరు. మా కుటుంబంలోనే మరొకరు ఇదే పాత పేరుతో వేరే కొట్టు నడుపుతున్నారు. రెండూ ఒకటే అనుకుని మీరు ఇబ్బంది పడకూడదని మార్చుకుంటున్నాం.

మారేది బోర్డు మీద, కవరు మీద, బిల్లు మీద ఉండే పేరు మాత్రమే. కొట్టు అక్కడే, యజమానిని నేనే. గింజలు ఎప్పుడూ తెప్పించేచోటి నుంచే వస్తాయి. మీరు అడిగిన పాళ్ళలో మీ ఎదుటే కలిపి ఆడిస్తాం. పేరు మారినందుకు ధర పెంచం. గింజ ధర మారినప్పుడు ఎప్పటిలాగే బోర్డు మీద ముందు రాస్తాం.

మీ ఖాతా పుస్తకం, మీరిచ్చిన అడ్వాన్సు అలాగే ఉంటాయి. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అవే. క్యూఆర్ స్కాన్ చేస్తే కొత్త పేరు కనిపిస్తుంది. వేరే ఖాతాకి డబ్బు పంపమని మా పేరుతో ఎవరడిగినా పంపకండి, కొట్టుకి ఫోన్ చేయండి.

పాత కవర్లు అయిపోయేదాకా కొన్నాళ్ళు రెండు పేర్లూ కనిపిస్తాయి. లోపల ఉన్నది ఒకటే పొడి."

అంతే, కింద నీ సంతకం. "యాజమాన్యం" అని వేయకు, మీ కొట్లో యాజమాన్యం అంటే నువ్వూ మీ ఆవిడేగా.

అచ్చుకిచ్చే ముందు మీ వీధి చివరి రిటైర్డ్ పోర్టు ఉద్యోగికి ఇచ్చి చదివించు. చదివాక కాగితం వెనక్కి తీసేసుకుని, ఏం మారుతోంది, ఏం మారట్లేదు అని ఆయన్నే అడుగు. తడుముకుంటే ఇంకా కత్తిరించాలి. కాగితం పంచాక కూడా కొట్లో పిల్లాణ్ణి చెవులు రిక్కించి ఉండమను. "కొత్త పేరు బాగుంది", "బాగోలేదు" అంటే పర్లేదు. "ఇప్పుడు ఎవరిది ఈ కొట్టు?" అని అడుగుతుంటే మాత్రం కాగితం పని చెయ్యలేదన్నమాట, వెంటనే బోర్డు కింద "ఇంతకుముందు (పాత పేరు)" అని చిన్నక్షరాల్లో వేయించు. నిజానికి అది ఎలాగూ వేయించు, ఒక ఏడాది పాటు ఉంచు.

అరకు సంగతి తేల్చుకుని ఫోన్ చెయ్. REG-14 నేనే పెడతాను, ఫీజు అడగనులే. మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు పీబీ అరకిలో పట్రా, చికోరీ వెయ్యకు, డాక్టరు ఉన్న కాఫీనే తగ్గించమన్నాడు కాబట్టి తాగేదైనా మంచిది తాగుతాను.

నీ
రమణ